చివరి క్లిక్కు లెక్క ప్రకారం మా వీడియో యాడ్ దండగేనా? పొందూరు ఖాదీ అమ్మకాల గురించి ఒక ప్రశ్న

పొందూరు నూలు (శ్రీకాకుళం) · మే 20

పెద్దలకు నమస్కారం. నేను, నా భాగస్వామి కలిసి నాలుగేళ్లుగా పొందూరు ఖాదీ చీరలు, పంచెలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాము. సగటు ఆర్డరు 5,500 రూపాయలు ఉంటుంది, నేతగాళ్లకు ఇవ్వవలసింది, రవాణా, ప్యాకింగ్ పోగా అందులో మాకు 2,200 దాకా మిగులుతుంది. గత 60 రోజుల్లో యాడ్‌ల మీద లక్ష రూపాయలు ఖర్చు పెట్టాము. అందులో 60,000 వీడియోకు, 30,000 "ఖాదీ చీరలు ఆన్‌లైన్" వంటి మాటలను వెతికేవారికి చూపించే సెర్చ్ యాడ్‌లకు, 10,000 మా దుకాణం పేరునే వెతికేవారికి చూపించే బ్రాండ్ సెర్చ్ యాడ్‌లకు వెళ్లింది.

వీడియోలో ఉన్నది చీర కాదు, పని. వాలుగ చేప దవడ ఎముకతో ఒక అవ్వ పత్తిని ఏకుతున్న దృశ్యం 40 సెకన్లు ఉంటుంది, దాని చివర మా పేరు ఒక్కసారి కనబడుతుంది. చూసినవారు చాలామంది వ్యాఖ్యలు రాస్తారు, వాట్సాప్‌లో బంధువులకు పంపుకుంటారు, అయితే అక్కడికక్కడే కొనేవారు తక్కువ.

ఈ 60 రోజుల్లో యాడ్‌ల ద్వారా 100 ఆర్డర్లు వచ్చాయి. మా యాడ్‌లు చూసే ఏజెన్సీ వారు పంపిన నివేదికలో బ్రాండ్ సెర్చ్‌కు 84, మామూలు సెర్చ్‌కు 12, వీడియోకు 4 అని ఉంది. వీడియో ద్వారా వచ్చే ఒక్కో ఆర్డరుకు 15,000 ఖర్చవుతోంది కాబట్టి దాన్ని ఆపేసి, ఆ డబ్బు బ్రాండ్ సెర్చ్‌లో పెట్టమని వారి సలహా, నా భాగస్వామి కూడా అదే అంటున్నాడు. అయితే వీడియో నడిపే కంపెనీ డ్యాష్‌బోర్డ్ మాత్రం అదే 60 రోజులకు 61 ఆర్డర్లు తనవేనని చూపిస్తోంది. ఒక అంకె 4, ఇంకొకటి 61. దేన్ని నమ్మాలో తెలియక అడుగుతున్నాను.

---

గంటస్తంభం పక్కన (విజయనగరం) · మే 20

బాబూ, ఇది దొంగ క్లిక్కుల వ్యవహారంలా కనబడుతోంది. మా తమ్ముడి దుకాణానికి కూడా పోటీవాళ్లు కూర్చుని క్లిక్కులు కొట్టి డబ్బు అవగొట్టారు. చివరి క్లిక్కు ఎవరు కొట్టారో ఆ ఫోను వివరాలు తెప్పించుకుంటే విషయం తేలిపోతుంది.

---

పొందూరు నూలు · మే 20

గురువుగారూ, మాది ఆ సమస్య కాదండి. క్లిక్కులు నిజమైనవే, కొన్నవారూ నిజమైన మనుషులే. ఒక మనిషి మూడు యాడ్‌ల గుండా వచ్చి కొన్నప్పుడు ఆ అమ్మకాన్ని ఏ యాడ్ ఖాతాలో వేయాలన్నదే నా ప్రశ్న.

---

వంశధార (శ్రీకాకుళం) · మే 21

నేను ఇదే రంగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ తప్పంతా లాస్ట్ క్లిక్ మోడల్‌దే. కొనేముందు చివరగా ఏ యాడ్‌ను నొక్కారో దానికే మొత్తం అమ్మకాన్ని రాసేయడం ఆ మోడల్ పద్ధతి. దుకాణం ముందు నిలబడి "రండమ్మా" అని పిలిచినవాడికి ఏమీ ఇవ్వకుండా, లోపల బిల్లు కొట్టినవాడికే జీతమంతా ఇచ్చినట్టు ఉంటుంది. మీరు ఫస్ట్ క్లిక్ మోడల్‌కు మారండి, మొదట పిలిచింది ఎవరో బయటపడుతుంది. అప్పుడు మీ వీడియో విలువ ఎంతో మీ భాగస్వామికి కూడా అర్థమవుతుంది.

---

చంపావతి (విజయనగరం) · మే 21

వంశధార గారి ఉపమానంలో సగం సరిగ్గానే ఉంది. కానీ ఫస్ట్ క్లిక్ చేసే పని కూడా అదే అన్యాయం, దిక్కు మాత్రమే మారుతుంది. పిలిచినవాడికే జీతమంతా ఇచ్చి, లోపల పాతిక చీరలు విప్పి చూపించినవాడిని పస్తు పెడుతుంది.

61 అన్న అంకె సంగతి ముందు చూద్దాం. వీడియో నడిపే కంపెనీ తన యాడ్‌ను నొక్కినవారు 7 రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా కేవలం చూసినవారు 1 రోజులోపు కొన్నా, ఆ అమ్మకాన్ని తనదిగా రాసుకుంటుంది. సాధారణంగా ముందే పెట్టి ఉండే అమరిక ఇదే. ఆ కొన్న మనిషి మధ్యలో మీ పేరు వెతికి బ్రాండ్ సెర్చ్ యాడ్ నొక్కినా ఆ సంగతి దానికి తెలియదు. సెర్చ్ కంపెనీకి కూడా వీడియో సంగతి తెలియదు. ఇద్దరూ ఒకే అమ్మకాన్ని తమ తమ పద్దులో రాసుకుంటారు కాబట్టి డ్యాష్‌బోర్డ్‌ల అంకెలన్నీ కూడితే మీ అసలు ఆర్డర్లకన్నా ఎక్కువ వస్తుంది. అందుచేత ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

మోడళ్లను పోల్చాలంటే అన్నిటికీ ఒకే ఆర్డర్లు, ఒకే కాలం, ఒకే మూలం ఉండాలి. మీ గూగుల్ అనలిటిక్స్‌లో Attribution paths అనే నివేదిక తెరిచి, కొన్నవారు ఏ దారుల్లో వచ్చారో, ఒక్కో దారిలో ఎన్ని ఆర్డర్లు వచ్చాయో ఇక్కడ రాయండి. మొదటి క్లిక్కుకూ కొనడానికీ మధ్య సగటున ఎన్ని రోజులు పట్టిందో కూడా చూడండి.

---

పొందూరు నూలు · మే 22

చూశానండి. పేర్లను మన మాటల్లో మార్చి రాస్తున్నాను.

```
వీడియో > బ్రాండ్ సెర్చ్                  30
వీడియో > మామూలు సెర్చ్ > బ్రాండ్ సెర్చ్   18
మామూలు సెర్చ్ > బ్రాండ్ సెర్చ్            12
బ్రాండ్ సెర్చ్ మాత్రమే                   24
మామూలు సెర్చ్ మాత్రమే                   12
వీడియో మాత్రమే                          4
```

వీడియోతో మొదలైన దారుల్లో కొనడానికి సగటున 19 రోజులు పట్టింది.

---

చంపావతి · మే 22

ఈ ఆరు వరుసల్లోనే మీ ప్రశ్నకు చాలావరకు జవాబు ఉంది. ఏజెన్సీ వారు చూసింది ప్రతి వరుసలో చివరి మాట మాత్రమే, అందుకే బ్రాండ్ సెర్చ్‌కు 30, 18, 12, 24 కలిసి 84 వచ్చాయి. అదే ఆర్డర్లను ప్రతి వరుసలో మొదటి మాట ప్రకారం పంచితే వీడియోకు 52, మామూలు సెర్చ్‌కు 24, బ్రాండ్ సెర్చ్‌కు 24 వస్తాయి. దారిలో ఉన్నవాటన్నిటికీ సమానంగా పంచితే వీడియోకు 25, మామూలు సెర్చ్‌కు 24, బ్రాండ్ సెర్చ్‌కు 51 అవుతాయి. ఒక ఆర్డరు తేవడానికి వీడియోకు అయిన ఖర్చు మొదటి లెక్కలో 15,000, రెండో లెక్కలో సుమారు 1,150, మూడో లెక్కలో 2,400. ఆర్డర్లూ ఖర్చూ మారలేదు, మారింది పంచిన పద్ధతి మాత్రమే.

ఈ మూడింటిలో ఏది నిజమని అడగకండి. మూడూ పంపకపు నియమాలే. వీడియో లేకపోతే ఈ 100లో ఎన్ని ఆర్డర్లు రాకుండా పోయేవన్న ప్రశ్నకు వీటిలో ఏదీ జవాబు చెప్పదు. అయితే ఏ యాడ్ విషయంలో మోడళ్ల మధ్య తేడా విపరీతంగా ఉందో చూస్తే, పరీక్ష ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. మామూలు సెర్చ్‌కు 12, 24, 24 వచ్చాయి, ఆ తేడా రెండింతలే. వీడియోకు 4 నుంచి 52 దాకా ఉంది కాబట్టి పరీక్షించవలసింది దాన్ని.

బ్రాండ్ సెర్చ్ గురించి కూడా ఒక మాట. మీ దుకాణం పేరును వెతికే మనిషికి మీరు ఎవరో అప్పటికే తెలుసు. ఆ యాడ్ లేకపోయినా కింద ఉచితంగా వచ్చే ఫలితాన్ని నొక్కి మీ దగ్గరికే రావచ్చు. 2012లో ఈబే తన పేరు మీద కొనే సెర్చ్ యాడ్‌లను కొన్ని సెర్చ్ ఇంజన్లలో ఆపి చూసినప్పుడు, వాటి ద్వారా వచ్చే క్లిక్కుల్లో 99.5 శాతం ఉచిత ఫలితాల గుండా ఎలాగూ వచ్చేశాయని తేలింది. మీది అంత పేరున్న దుకాణం కాదు, మీ పేరు మీద పోటీవారు యాడ్ పెడుతూ ఉండవచ్చు కూడా, కాబట్టి ఆ అంకెను యథాతథంగా తీసుకోకూడదు. కానీ లాస్ట్ క్లిక్ మోడల్ అందరికన్నా ఎక్కువగా పొగిడే యాడ్, తీసేస్తే అందరికన్నా తక్కువ నష్టం కలిగించే యాడ్ ఒకటే కావచ్చు. 60,000 అక్కడికి మళ్లిస్తే మీ పేరు వెతికేవారు పెరగరు, ఉన్నవారి క్లిక్కుకే ఎక్కువ చెల్లిస్తారు.

---

కాశీబుగ్గ జీడిపప్పు (పలాస) · మే 23

మా అనుభవం వేరుగా ఉంది కాబట్టి రాస్తున్నాను. మేము జీడిపప్పు అమ్ముతాము. నేనూ ఇలాగే అన్ని మోడళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే అంకెలు దాదాపు ఒకటే వచ్చాయి. కారణం వెతికితే, మా ఆర్డర్లలో ఎక్కువ భాగం ఒక్క క్లిక్కు దారులే. కిలో పప్పు కొనేవారు 19 రోజులు ఆలోచించరు, అందులోనూ మా దగ్గర సగంమంది పాత ఖాతాదారులే. మేమూ జీడి ఫ్యాక్టరీ వీడియో ఒకటి తీయించి రెండు నెలలు నడిపి ఆపేశాము, అమ్మకాల్లో ఏమీ తేడా రాలేదు. అందుచేత వీడియో లాంటి పై మెట్టు యాడ్‌లకు ఎప్పుడూ అన్యాయమే జరుగుతుందని అనుకోవడం కూడా సరికాదని నా అభిప్రాయం.

---

చంపావతి · మే 23

మీరు చెప్పింది ముఖ్యమైన విషయం. దారిలో ఒకే అడుగు ఉన్నప్పుడు మొదటిదీ చివరిదీ అదే కాబట్టి మోడళ్లు తగువు పడడానికి ఏమీ ఉండదు. అయితే వీడియోను చూసి, నొక్కకుండా వెళ్లిపోయి, వారం తర్వాత మీ పేరు వెతికిన మనిషి కూడా ఆ నివేదికలో ఒక్క క్లిక్కు దారిగానే కనబడతాడు. వీడియోను చూడడం అనలిటిక్స్‌కు తెలియదు, నొక్కితేనే తెలుస్తుంది. కాబట్టి మోడళ్లన్నీ ఒకే మాట చెప్పినంత మాత్రాన ఆ మాట నిజమని కాదు. మీ విషయంలో నమ్మదగినది మీరు ఆపి చూసిన ఆ రెండు నెలల అనుభవం, మోడళ్ల పోలిక కాదు. ఇదే కారణంతో పొందూరు నూలు గారి పట్టికలో "బ్రాండ్ సెర్చ్ మాత్రమే" అని ఉన్న 24లోనూ వీడియో చూసినవారు ఎంతమంది ఉన్నారో మనకు తెలియదు. వాట్సాప్‌లో ఎవరో పంపితే చూసినవారు కూడా అందులోనే ఉండవచ్చు.

---

వంశధార · మే 24

ఇంత శ్రమ ఎందుకండి? డేటా డ్రివెన్ మోడల్ ఉంది కదా. ఫస్ట్ క్లిక్, లీనియర్, టైమ్ డికే, పొజిషన్ బేస్డ్ మోడళ్లను గూగుల్ 2023లోనే తీసేసింది, అంటే వాటికి కాలం చెల్లినట్టే కదా. కొన్నవారి దారులతో పాటు కొననివారి దారులను కూడా పోల్చి ఎవరి వాటా ఎంతో డేటా డ్రివెన్ తేలుస్తుంది. దాన్నే నమ్మితే సరిపోతుంది.

---

చంపావతి · మే 24

తీసేసిన మాట నిజమే, అందుకే పై లెక్క నేను చేత్తో చేయవలసి వచ్చింది. డేటా డ్రివెన్ మిగిలిన నియమాలకన్నా మెరుగైనదే, రోజువారీ పనికి దాన్ని వాడుకోవచ్చు. కానీ దాని కంటికి ఆనే దారులు కూడా క్లిక్కుల దారులే, వేరే కంపెనీ వేదిక మీద కేవలం చూసి వెళ్లినవారు దానికీ కనబడరు. రెండో లోపం ఏమిటంటే, ఎలాగూ కొనడానికి సిద్ధంగా ఉన్నవారికే యాడ్‌లు ఎక్కువగా చూపించే పద్ధతి ఈ వేదికలన్నిటిలోనూ ఉంది. అలాంటప్పుడు యాడ్ తగిలినవారు ఎక్కువగా కొన్నారంటే అది యాడ్ మహిమో, కొనేవారిని ఎంచి చూపించడం వల్ల వచ్చిన ఫలితమో ఏ దారుల నివేదికా విడదీయలేదు. 100 ఆర్డర్ల దుకాణంలో దానికి నేర్చుకోవడానికి సరుకు కూడా తక్కువే.

పొందూరు నూలు గారూ, మీరు చేయవలసిన పరీక్ష ఇది. మీ ఆర్డర్లను డెలివరీ పిన్‌కోడ్ ప్రకారం రాష్ట్రాలుగా విడదీయండి. తెలంగాణ, తమిళనాడు ఒక జట్టు, ఆంధ్ర, కర్ణాటక ఇంకో జట్టు అనుకుందాం. రెండో జట్టులో వీడియోను పూర్తిగా ఆపండి, మొదటి జట్టులో యథావిధిగా నడపండి, మిగిలిన యాడ్‌లను రెండు చోట్లా కదపకండి. మీ వీడియో చూసినవారు కొనడానికి 19 రోజులు తీసుకుంటున్నారు కాబట్టి ఆపిన మొదటి 3 వారాలను లెక్కలోకి తీసుకోవద్దు, ఆ రోజుల్లో వచ్చేవి పాత వీడియో తాలూకు ఆర్డర్లే. తర్వాతి 6 వారాలను, ఆపకముందు 6 వారాలతో పోల్చండి. ఆర్డర్లను మీ సొంత పద్దు పుస్తకం నుంచి తీసుకోండి, ఏ డ్యాష్‌బోర్డ్ నుంచీ కాదు. సెర్చ్, వీడియో అని విడదీయకుండా ఆ రాష్ట్రం నుంచి వచ్చిన మొత్తం ఆర్డర్లను లెక్కపెట్టండి.

షీటులో B నిలువు వరుస నడిపిన జట్టు, C ఆపిన జట్టు, 2వ అడ్డు వరుస ముందు, 3వది తర్వాత అనుకుంటే, ఆపకపోయి ఉంటే C జట్టులో రావలసిన ఆర్డర్లు ఇవి:

```
=C2*B3/B2
```

కాలం విషయంలో జాగ్రత్త. బతుకమ్మ, దసరా రోజులు పరీక్షలో పడితే తెలంగాణ అమ్మకాలు ఒక్కసారిగా లేచి, పోలిక పాడవుతుంది. ఇప్పుడే మొదలుపెడితే ఆగస్టు మొదటికి ముగుస్తుంది.

---

పొందూరు నూలు · ఆగస్టు 4

మీరు చెప్పినట్టే చేశాను. భాగస్వామిని ఒప్పించడానికి వారం పట్టింది, సగం చోట్ల ఆపడమంటే అతని మాట సగం నెగ్గినట్టే కదా అని చివరకు ఒప్పుకున్నాడు. అంకెలు ఇవి. నడిపిన జట్టులో ముందు 38, తర్వాత 40. ఆపిన జట్టులో ముందు 32, తర్వాత 25. సూత్రం ప్రకారం ఆపిన జట్టులో 34 దాకా రావలసింది, 25 వచ్చాయి, అంటే 9 తగ్గాయి. ఆ 6 వారాలకు అక్కడ మిగిలిన వీడియో ఖర్చు 19,000. ఒక్కో ఆర్డరుకు 2,100 పడింది. మాకు మిగిలేది 2,200 కాబట్టి వీడియో దండగ కాదని తేలినట్టే కదా?

---

వంశధార · ఆగస్టు 4

అభినందనలు. చూశారా, వీడియోకే న్యాయం జరిగింది.

---

చంపావతి · ఆగస్టు 5

తొందరపడి పండగ చేసుకోకండి. ఇంత చిన్న అంకెలు ఏ కారణమూ లేకుండానే బాగా ఊగుతాయి. 32, 38, 40, 25 అనే ఈ నాలుగు అంకెల్లోనూ ఉండే సహజమైన ఊగిసలాటను కలిపి లెక్కవేస్తే, మీరు వీడియోను అసలు ముట్టుకోకపోయినా ఈ తేడా 11 వరకు అటో ఇటో పోవడం మామూలే. మీకు వచ్చిన 9 దాని లోపలే ఉంది. అసలు నష్టం 20 కావచ్చు, సున్నా కూడా కావచ్చు. ఒక్కో ఆర్డరుకు 2,100 అన్నది ఆ మధ్య అంకె మీద కట్టిన మేడ. మీ భాగస్వామి ఈ మాట పట్టుకుంటే మీ దగ్గర జవాబు ఉండదు.

ఆర్డర్లకన్నా ఒక మెట్టు ముందున్న పెద్ద అంకె ఒకటి చూద్దాం. బ్రాండ్ సెర్చ్ యాడ్ ఎన్నిసార్లు కనబడిందో రాష్ట్రాల వారీగా గూగుల్ యాడ్స్‌లో దొరుకుతుంది. మీ పేరును ఎంతమంది వెతుకుతున్నారన్న దానికి అదే దగ్గరి గుర్తు. ఆ యాడ్ రోజువారీ బడ్జెట్ మధ్యలో అయిపోకుండా ఉండి ఉంటేనే ఆ అంకె పనికివస్తుంది.

---

పొందూరు నూలు · ఆగస్టు 6

బడ్జెట్ ఏ రోజూ అయిపోలేదు, చూసుకున్నాను. నడిపిన జట్టులో ముందు 2,280, తర్వాత 2,400. ఆపిన జట్టులో ముందు 1,920, తర్వాత 1,390.

---

చంపావతి · ఆగస్టు 6

ఇక్కడ రావలసింది 2,020 దాకా, వచ్చింది 1,390. అంటే 31 శాతం తగ్గుదల. ఒకే మనిషి పదిసార్లు వెతకవచ్చు కాబట్టి ఈ అంకె కనబడినంత గట్టిది కాకపోయినా, ఇంత తేడా ఊగిసలాటతో వచ్చేది కాదు. వీడియో మీ పేరును వెతికిస్తోందన్నది ఇప్పుడు నేను నమ్ముతాను. ఏజెన్సీ వారి 84లో కొంత భాగం వీడియో సంపాదించి పెట్టినదే కావచ్చు. ఆ వెతుకులాటల్లో ఎన్ని ఆర్డర్లుగా మారాయన్నది మాత్రం తేలలేదు, వీడియో చూసి ఊరికే పేరు వెతికేవారు మిగిలినవారికన్నా తక్కువగా కొంటారేమో కూడా.

---

కాశీబుగ్గ జీడిపప్పు · ఆగస్టు 6

వెతుకులాటలతో నేతగాడికి కూలి ఇవ్వలేము కదండి. భాగస్వామి గారు అడిగేది ఆ 2,200లో ఎంత మిగిలిందనే.

---

చంపావతి · ఆగస్టు 7

నిజమే. అందుకు జట్లను తారుమారు చేసి ఇంకొక విడత నడపాలి. ఈసారి తెలంగాణ, తమిళనాడులో ఆపి, మన ఆంధ్రలో, కర్ణాటకలో నడిపితే రెండు విడతల అంకెలు కలిసి ఊగిసలాట కొంత తగ్గుతుంది, రాష్ట్రాల స్వభావంలో ఉన్న తేడా కూడా చాలావరకు కొట్టుకుపోతుంది. దసరా, సంక్రాంతి దాటాక జనవరి 20 ప్రాంతంలో మొదలుపెడితే మార్చి చివరికి ముగించవచ్చు. అప్పటిదాకా ఏజెన్సీ వారి నెలవారీ నివేదికలో లాస్ట్ క్లిక్ పక్కన దారుల పట్టికను కూడా పెట్టమని అడగండి.

---

పొందూరు నూలు · ఆగస్టు 9

భాగస్వామితో మాట్లాడాను. జనవరి వరకు వీడియో ఖర్చును నెలకు 30,000 నుంచి 20,000కు తగ్గించి నాలుగు రాష్ట్రాల్లోనూ నడుపుదామన్నాడు, నేను ఒప్పుకున్నాను. బ్రాండ్ సెర్చ్‌కు మాత్రం ఒక్క రూపాయి కూడా పెంచడం లేదు. తగ్గించిన 10,000తో ఆ యాడ్‌నే రెండు వారాలు ఒక రాష్ట్రంలో ఆపి చూద్దామని ఇప్పుడు అతనే అంటున్నాడు. ఆపడానికి డబ్బు ఎందుకని అడిగితే, అమ్మకాలు పడితే తట్టుకోవడానికట.

---

గంటస్తంభం పక్కన · ఆగస్టు 9

ఇప్పుడు నాకు అర్థమైంది బాబూ. మా తమ్ముడు కూడా పేరు మీదే యాడ్ పెట్టాడు, వాడి పేరు విజయనగరంలో అందరికీ తెలిసిందే. వాడిని కూడా ఒక వారం ఆపి చూడమంటాను. ఒక వారం సరిపోతుందా?

---

చంపావతి · ఆగస్టు 10

రోజుకు ఎన్ని ఆర్డర్లు వస్తాయో చెప్పండి గురువుగారూ, దాన్ని బట్టి ఉంటుంది.